రెండొందల రిపోర్టులు కొట్టినా వీడియో ఎందుకు కదలదు? యూట్యూబ్‌లో రిపోర్ట్ బటన్ వెనక జరిగేది, మనం చేయాల్సింది

సాయంత్రం పూట ఆర్కే బీచ్‌లో మైకు పట్టుకుని తిరిగే కుర్రాళ్లను విశాఖలో చూడనివాళ్లు ఉండరు. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టి, మురీ మిక్చర్ బళ్ల దాకా నడుస్తూ దొరికినవాళ్లనల్లా ఆపి "ఒక్క ప్రశ్న అక్కా, ఒక్కటే" అంటారు. చాలామంది నవ్వేసి ఏదో చెప్పి వెళ్లిపోతారు. ఆ నవ్వే రెండు రోజుల తర్వాత ఏ థంబ్‌నెయిల్‌గా వస్తుందో ఎవరికీ తెలీదు.

అలాంటి వీడియో ఒకటి తీసుకుని, దాని మీద రిపోర్ట్ కొట్టిన దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్తాను. ఇలాంటి వీడియోలు చూసి ఉంచాలా తీయాలా అని తేల్చే రివ్యూ పని కొంతకాలం చేశాను కాబట్టి అవతలివైపు ఎలా ఉంటుందో కొంచెం తెలుసు. ఛానెల్ పేరు, మనుషుల పేర్లు మనకు అనవసరం.

వీడియో ఎనిమిదిన్నర నిమిషాలు. 3:12 దగ్గర ఒక డిగ్రీ అమ్మాయి కనిపిస్తుంది, 4:05 దాకా ఉంటుంది. వయసు పంతొమ్మిది. మైకులో పేరు చెప్పింది. మెడలో కాలేజీ ఐడీ కార్డు వేలాడుతోంది. వాళ్లు అడిగిన ప్రశ్న ఒకటి, ఎడిటింగ్‌లో ఆమె జవాబుకు తగిలించిన ప్రశ్న ఇంకొకటి. దాంతో మామూలు మాట కాస్తా బూతు మాటలా వినిపిస్తోంది. థంబ్‌నెయిల్ మీద ఆమె మొహం, ఎర్ర బాణం, ఆమె అనని మాట పెద్ద అక్షరాల్లో. కింద కామెంట్లలో ఎవడో ఆమె కాలేజీ పేరు, బస్సెక్కే స్టాపు కూడా రాశాడు.

గాజువాకలో ఉండే ఆమె మేనమామ వీడియో లింకును ఫ్యామిలీ గ్రూపులో పెట్టి "అందరూ రిపోర్ట్ కొట్టండి, ఇంకో పదిమందికి పంపండి" అన్నాడు. లింకు చుట్టాల గ్రూపులకు, అపార్ట్‌మెంట్ గ్రూపులకు, ఆమె ఫ్రెండ్స్ గ్రూపులకు పాకింది. వారం తర్వాత ఆయన నాకు ఫోన్ చేశాడు. "రెండొందల మందిమి కొట్టాం తమ్ముడూ. వీడియో అలాగే ఉంది. వ్యూస్ మాత్రం పెరిగాయి. ఏటి చేస్తాం ఇంక?"

వ్యూస్ పెరిగింది ఎందుకో తెలిసే ఉంటుంది. రిపోర్ట్ కొట్టడానికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు వీడియో చూశారు.

బటన్ నొక్కాక ఏమవుతుంది

Report నొక్కగానే కారణం అడుగుతూ ఒక జాబితా వస్తుంది. Sexual content, Violent or repulsive content, Hateful or abusive content, Harassment or bullying, Spam or misleading, ఇలాంటివి ఉంటాయి. పేర్లు అప్పుడప్పుడూ కాస్త మారుతుంటాయి. మనం అదేదో ఫార్మాలిటీ అనుకుని చేతికి దొరికింది నొక్కేస్తాం. నిజానికి మన రిపోర్ట్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం అదే. మనం ఎంచుకున్న కారణాన్ని బట్టే ఆ వీడియోను ఏ రూలుతో పోల్చి చూడాలన్నది మొదలవుతుంది. కేజీహెచ్‌లో కన్ను నొప్పికి ఎముకల ఓపీ చీటీ రాయించుకుంటే అక్కడి డాక్టరు చెయ్యి, కాలు చూసి "అంతా బాగానే ఉంది" అని పంపేస్తాడు కదా, ఇదీ అంతే.

రిపోర్ట్ నేరుగా మనిషి చేతికి వెళ్లదు. మధ్యలో మెషీన్లు ఉంటాయి. అసలు వీడియో అప్‌లోడ్ అయిన దగ్గర్నుంచే బొమ్మలు, మాటలు, టైటిల్ చూసి రూల్స్ తప్పుతుందేమో అంచనా వేసే సాఫ్ట్‌వేర్ పనిచేస్తూ ఉంటుంది. యూట్యూబ్ మూడు నెలలకోసారి ఇచ్చే పారదర్శకత నివేదికలు చూస్తే, తీసేసిన వీడియోల్లో చాలా పెద్ద భాగం మొదట మెషీన్ పట్టుకున్నవే. మామూలు జనం రిపోర్ట్ చేయడం వల్ల పట్టుబడినవి కొద్ది భాగం. ఇందులో ఒక మెలిక ఉంది. నగ్నత్వం, రక్తం, స్కామ్ లింకులు లాంటివి మెషీన్‌కు సులువుగా దొరుకుతాయి. బట్టలు నిండుగా వేసుకున్న అమ్మాయి నవ్వుతూ మాట్లాడే వీడియోలో మెషీన్‌కు దొరికేదేమీ ఉండదు. అందులో జరిగిన మోసం ఎడిటింగ్‌లో ఉంది. ప్రశ్న మార్చారన్న సంగతి అక్కడ నిలబడ్డ ఆ అమ్మాయికి తప్ప ఎవరికీ తెలీదు.

ఇక లెక్క సంగతి. ఎన్ని రిపోర్టులు వచ్చాయన్నదాన్ని బట్టి వీడియో తీసేయరు. ఒక్క రిపోర్ట్ వచ్చినా రూలు తప్పితే పోతుంది, పదివేలు వచ్చినా తప్పకపోతే ఉంటుంది. వినడానికి అన్యాయంగా ఉంటుంది గానీ, తెలుగువాళ్లకు దీని కారణం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక హీరో టీజర్ రాగానే ఇంకో హీరో ఫ్యాన్స్ గ్రూపులు కట్టి రిపోర్టులు కొట్టడం మనం చూడలేదా? ఎన్నికల టైములో పార్టీల సోషల్ మీడియా టీములు చేసేదేమిటి? లెక్కను బట్టి తీసేస్తే ఏ వీడియో ఉండాలో వాళ్లే తేలుస్తారు. అందుకే ఒకే కారణంతో వచ్చిన రెండొందల రిపోర్టులు అవతలివైపు దాదాపు ఒకే ప్రశ్నగా మారిపోతాయి. ఒకసారి చూసి "తప్పు లేదు" అని తేల్చాక, అదే కారణంతో వచ్చే తర్వాతి రిపోర్టులకు కొత్తగా చెప్పేదేమీ ఉండదు.

మనిషి దాకా వచ్చిన వీడియో విషయానికొస్తే, రివ్యూయర్‌కు స్క్రీన్ మీద వీడియో, టైటిల్, థంబ్‌నెయిల్, రిపోర్ట్ కారణం, ఎవరైనా టైమ్‌స్టాంప్ ఇస్తే అది కనబడతాయి. వాళ్లకు రోజూ క్యూలో వీడియోలు వస్తూనే ఉంటాయి. ఎనిమిదిన్నర నిమిషాల వీడియోను మొదటి సెకను నుంచి చివరిదాకా చెవిపెట్టి వినే తీరిక మామూలు క్యూలో దొరకదు. ముందుకు జరుపుకుంటూ చూస్తారు. టైమ్‌స్టాంప్ ఉంటే నేరుగా అక్కడికి వెళ్తారు. నేను చేసిన చోట, టైమ్‌స్టాంప్ ఉన్న రిపోర్ట్‌కూ లేనిదానికీ మా చూపులోనే తేడా వచ్చేసేది. ఆ తర్వాత రివ్యూయర్ "ఇది తప్పా, ఒప్పా" అని తన మనసుకు తోచింది రాయడానికి వీల్లేదు. ఏ పాలసీలో ఏ వాక్యం కింద తప్పో చూపించాలి. అది చూపించలేకపోతే "చర్య అవసరం లేదు" అనే బటనే మిగులుతుంది. తర్వాత ఆడిట్‌లో ఆ నిర్ణయాన్ని ఇంకొకరు మళ్లీ చూస్తారు. తప్పు తేలితే మార్కులు పోతాయి. జాలిపడి తీసేయడం కుదరని పని.

రెండొందల రిపోర్టులు ఎక్కడ పడ్డాయి

మేనమామను అడిగి, గ్రూపులో ఎవరెవరు ఏ కారణం నొక్కారో తెలుసుకున్నాను. సగానికి పైగా Sexual content నొక్కారట. ఆడపిల్ల పరువు విషయం కదా అనుకున్నారు. ఆ పాలసీ ప్రధానంగా చూసేది నగ్నత్వం, లైంగిక చర్యలు, లైంగిక ఉద్రేకం కోసం చేసిన కంటెంట్. ఈ వీడియోలో అవేవీ లేవు. డబుల్ మీనింగ్ డైలాగు ఒక్కటే ఆ గీత దాటదు. కొందరు Spam or misleading నొక్కారు. టైటిల్ అబద్ధమే గానీ, ఆ పాలసీ ఉన్నది మోసపు లింకులు, వీడియోలో అస్సలు లేనిదాన్ని ఉన్నట్టు చూపే థంబ్‌నెయిళ్ల లాంటి వాటికోసం. ఇక్కడ అమ్మాయి వీడియోలో నిజంగానే ఉంది, మాట్లాడుతోంది. ఒకాయన ఏకంగా టెర్రరిజం నొక్కాడట, కోపంలో. ఆయన్ను ఏమనగలం!

దగ్గరగా ఉన్నది Harassment or bullying ఒక్కటే. అక్కడా పాలసీ చూసేది మనం అనుకునే వేధింపును కాదు. ఒక వ్యక్తిని రూపం గురించో, కులం గురించో, మరో పుట్టు లక్షణం గురించో సాగదీసి తిట్టడం, బెదిరించడం, ఫోన్ నంబరో అడ్రసో బయటపెట్టడం, నలుగురినీ ఉసిగొల్పడం, ఇవీ అందులో తప్పులు. యాంకర్ ఆ యాభై మూడు సెకన్లలో వెకిలిగా నవ్వాడే తప్ప తిట్టలేదు. కాబట్టి వీడియో వరకు చూస్తే ఈ పాలసీ కింద కూడా గట్టిగా నిలబడదు. కానీ కామెంట్ నిలబడుతుంది. బస్ స్టాపు రాసి "రేపు వెళ్లి కలుద్దాం" అన్న కామెంట్ కచ్చితంగా తప్పు. రెండొందల మందిలో ఆ కామెంట్ మీద రిపోర్ట్ కొట్టినవాళ్లు ఒక్కరూ లేరు. కామెంట్ పక్కన ఉండే మూడు చుక్కల్లో దాని రిపోర్ట్ వేరుగా ఉంటుంది. వీడియో మీద కొట్టిన రిపోర్ట్ దాన్ని ముట్టుకోదు.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇంకో చోట. "అది అబద్ధం" అన్నది ప్లాట్‌ఫామ్ తీర్పు చెప్పే విషయం కాదు. పరువు నష్టం గురించి యూట్యూబ్ బహిరంగంగానే చెప్తుంది, పోస్టుల్లో నిజానిజాలు తేల్చే స్థితిలో మేం లేమని. మన దేశంలో చట్టం కూడా వాళ్లను ఆ పని చేయమనదు. ఐటీ చట్టం 79వ సెక్షన్ ప్రకారం, ఎవరో పెట్టిన కంటెంట్‌కు ప్లాట్‌ఫామ్ బాధ్యత వహించక్కర్లేదు, అది తప్పని "తెలిసినా" తీయకపోతేనే బాధ్యత. ఆ తెలియడం అంటే ఏమిటో 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు ఆర్డరో, ప్రభుత్వ నోటీసో అందడమే తెలియడం. మీరూ నేనూ ఫిర్యాదు చేయడం ఆ లెక్కలోకి రాదు. ప్రతి ఫిర్యాదుకూ భయపడి తీసేయడం మొదలుపెడితే, హోటల్ సాంబారు బాగోలేదన్న రివ్యూ కూడా నిలబడదని ఆ తీర్పు వెనక ఆలోచన. అది సబబే. కాకపోతే బీచ్‌లో నవ్విన పిల్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

రిపోర్ట్ ఏమైందో చూసుకోవడం

కంప్యూటర్‌లో లాగిన్ అయి youtube.com/reporthistory తెరిస్తే మీరు కొట్టిన రిపోర్టుల జాబితా వస్తుంది. ఒక్కో వీడియో పక్కన Live, Removed, Restricted అనే మూడింట్లో ఒక మాట ఉంటుంది. Removed అర్థమవుతుంది. Restricted అంటే వీడియో ఉంది గానీ వయసు పరిమితి లాంటి ఆంక్ష ఏదో పడింది. తికమకపెట్టేది Live. దానికి రెండు అర్థాలున్నాయి: ఇంకా చూడలేదు అని ఒకటి, చూశాం, తప్పు లేదు అని ఇంకొకటి. ఆ రెంటిలో ఏదో చెప్పరు. మేనమామ జాబితాలోనూ Live అనే ఉంది. ఆయన "ఇంకా చూస్తున్నారేమో" అని రోజూ టెన్షన్‌గా చూసుకుంటున్నాడు. వారం దాటినా Live అనే ఉంటే, చూసి వదిలేశారనే అనుకుని తర్వాతి దారి పట్టడం మేలు.

ఇప్పుడు చేయాల్సింది, వరసలో

మొట్టమొదట సాక్ష్యం దాచుకోండి. రిపోర్ట్ కంటే ముందు ఇదే. వీడియో పోయాక పోలీసులకో లాయరుకో చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. వీడియో లింకు, మీరు చూసిన తేదీ, టైము రాసుకోండి. ఆ భాగం మొత్తం స్క్రీన్ రికార్డింగ్ తీయండి. అడ్రస్ బార్, టైటిల్, వ్యూస్ కనబడేలా తీయండి. కామెంట్లకు స్క్రీన్‌షాట్లు. ఛానెల్ పేరు ఒక్కటే రాసుకుంటే చాలదు, దాన్ని ఎప్పుడైనా మార్చేసుకోవచ్చు. ఛానెల్ పేజీలో వివరాల దగ్గర షేర్ నొక్కితే UC అక్షరాలతో మొదలయ్యే ఛానెల్ ఐడీని కాపీ చేసుకోవచ్చు. పేరు మార్చినా అది మారదు. ఈ పని ఇంట్లో ఒక్కరు చేస్తే చాలు. లింకు గ్రూపుల్లో తిప్పడం వెంటనే ఆపించండి.

తర్వాత సరైన రిపోర్ట్, ఒకే ఒక్కటి. కామెంట్ మీద విడిగా, వీడియో మీద విడిగా. వీడియో రిపోర్ట్‌లో టైమ్‌స్టాంప్ ఇచ్చి, వివరం రాసే చోట బాధ రాయకుండా జరిగింది రాయండి. "మా కుటుంబం పరువు పోయింది, దయచేసి తీసేయండి" అంటే చదివేవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మేం రాసింది ఇలా ఉంది: "3:12 నుంచి 4:05 వరకు ఉన్న వ్యక్తి ప్రైవేటు వ్యక్తి. 3:20 దగ్గర పేరు వినబడుతోంది, 3:31 దగ్గర ఐడీ కార్డు మీద కాలేజీ పేరు చదవగలిగేలా ఉంది. కామెంట్లలో ఆమె రోజూ వెళ్లే చోటు రాసి, వెళ్లి కలవమని చెప్తున్నారు." చదివినవాళ్లు ఆ క్షణానికి వెళ్లి ఔనో కాదో తేల్చుకోగలగాలి, అంతే. బస్ స్టాపు కామెంట్ రెండో రోజుకు పోయింది. వీడియో మాత్రం Live.

ఇలాంటి కేసులో అసలు దారి మూడోది. దాని పేరు ప్రైవసీ కంప్లయింట్. ఇది మామూలు రిపోర్ట్ కాదు, యూట్యూబ్ హెల్ప్ పేజీల్లో Privacy Complaint Process అని వెతికితే వస్తుంది. రిపోర్ట్‌కూ దీనికీ అడిగే ప్రశ్నలోనే తేడా ఉంది. రిపోర్ట్‌లో వాళ్లు చూసేది వీడియో రూల్స్ తప్పిందా అన్నది. ఇక్కడ చూసేది, ఈ వీడియోలో నిన్ను నువ్వుగా గుర్తుపట్టగలరా, అది నీ ఇష్టంతో ఉందా అన్నది. మొహం, గొంతు, పూర్తి పేరు, ఫోన్ నంబరు, అడ్రసు లాంటివి లెక్కలోకి వస్తాయి. గుంపులో వెనకాల నడుస్తూ కనబడితే చాలదు.

ఈ ఫిర్యాదు ఆ అమ్మాయే చేయాలి. మేనమామ చేస్తే తిరిగొస్తుంది. మైనర్ అయితేనో, మనిషి చనిపోతేనో, చేయలేని స్థితిలో ఉంటేనో, లాయరు లాంటి ప్రతినిధి ద్వారా అయితేనో తప్ప వేరేవాళ్ల ఫిర్యాదు సాధారణంగా తీసుకోరు. మన ఇళ్లలో ఇది చిక్కే. అమ్మాయికి ఆ వీడియో చూపించడమే ఇష్టంలేక పెద్దవాళ్లే అన్నీ నడిపిస్తుంటారు. ఇక్కడ ఆమెనే కూర్చోబెట్టి, ఆమె ఈమెయిల్‌తోనే ఫారం నింపించాం. "పేరు వాడికి తెలిసిపోద్దా అన్నా?" అని అడిగింది. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు అప్‌లోడ్ చేసినవాడికి చెప్పరు. అయితే ఫలానా భాగం మీద ఫిర్యాదు వచ్చిందని తెలిస్తే, ఆ భాగంలో ఉన్నది ఎవరో వాడు ఊహించుకోలేడా? ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాం.

ఫారం వెళ్లాక సాధారణంగా అప్‌లోడ్ చేసినవాడికి 48 గంటలు ఇస్తారు. ఆ లోపు అతను వీడియో తీసేయొచ్చు, ఆ ముక్క కత్తిరించొచ్చు, మొహం బ్లర్ చేయొచ్చు. చేస్తే ఫిర్యాదు అక్కడితో మూసేస్తారు. చేయకపోతే యూట్యూబ్ మనుషులు చూసి తేలుస్తారు. ఆ తేల్చడంలో ప్రజాప్రయోజనం ఉందా, వార్తగా విలువ ఉందా, ఆమె ఒప్పుకుందా అన్నవి చూస్తారు. మైకులో పేరు చెప్పింది కాబట్టి ఒప్పుకున్నట్టేనని అతను వాదించొచ్చు. అందుకే ఫారంలో ఆ సంగతి మేమే ముందు రాశాం: ఫలానా ప్రశ్నకు జవాబిచ్చాను, వీడియోలో వేరే ప్రశ్న తగిలించారు, దీనికి ఒప్పుకోలేదు అని.

ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. నలభై ఎనిమిది గంటలు కాకముందే ఆ ఛానెల్‌వాడు వీడియోను ప్రైవేట్ చేసేశాడు. ఇంట్లో అందరూ "పోయింది, పోయింది" అని ఊపిరి పీల్చుకున్నారు. ప్రైవేట్ చేయడం పరిష్కారం కాదని యూట్యూబ్ రూల్సే చెప్తాయి, ఎందుకంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ పబ్లిక్ చేసుకోవచ్చు. నాలుగు రోజులకు వీడియో తిరిగొచ్చింది. ఈసారి 3:12 నుంచి మొహం మీద బ్లర్ ఉంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ థంబ్‌నెయిల్ మీద మొహం అలాగే ఉంది, పేరు వినబడుతోంది, ఐడీ కార్డు కనబడుతోంది. ఇలాంటప్పుడు "ఇంకా ఉంది" అని కోపంగా ఒక ముక్క రాస్తే పని జరగదు. యూట్యూబ్ నుంచి వచ్చిన ఈమెయిల్‌కు జవాబుగా, ఏది మిగిలిందో మూడు టైమ్‌స్టాంపులతో, థంబ్‌నెయిల్ స్క్రీన్‌షాట్‌తో ఆ అమ్మాయి మళ్లీ రాసింది. ఆ తర్వాత థంబ్‌నెయిల్ మారింది, ఆ యాభై మూడు సెకన్ల ముక్క మొత్తం పోయింది. మిగతా వీడియో ఇప్పటికీ ఉంది. వాళ్లకు కావాల్సింది ఆ ముక్క పోవడమే కాబట్టి అక్కడితో సరిపెట్టుకున్నారు.

మొహాన్ని ఏఐతో మార్ఫ్ చేసి పెట్టిన వీడియో అయినా ఇదే ఫారం పనికొస్తుంది. 2024 జూన్ నుంచి, నీలా కనిపించేలా, వినిపించేలా తయారుచేసిన కృత్రిమ కంటెంట్ మీద కూడా ప్రైవసీ ఫిర్యాదు తీసుకుంటున్నారు.

కొందరు కాపీరైట్ కంప్లయింట్ కొడితే తొందరగా పోతుందని సలహా ఇస్తారు. వీడియో నువ్వు తీసినదైతే, అంటే నీ ఫోన్‌లో తీసిన క్లిప్‌ను ఎవడో ఎత్తుకెళ్లి పెడితే, అది నిజంగా గట్టి దారి. కెమెరా వాడిదైతే మాత్రం ఫ్రేములో నీ మొహం ఉన్నంత మాత్రాన కాపీరైట్ నీది కాదు. అబద్ధపు కాపీరైట్ ఫిర్యాదు చేస్తే నీ ఖాతాకే ముప్పు. పైగా అందులో నీ పేరు అవతలివాడికి వెళ్తుంది.

యూట్యూబ్ కాదంటే

ప్రైవసీ ఫిర్యాదూ తిరగ్గొడితే చేతిలో ఇంకో మెట్టు ఉంది. 2021 ఐటీ రూల్స్ ప్రకారం, మన దేశంలో 50 లక్షలకు పైగా వాడకందార్లున్న ప్రతి ప్లాట్‌ఫామ్ ఇక్కడే ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టి, ఆయన వివరాలు సైట్‌లో ఉంచాలి. రూల్స్ వచ్చినప్పుడు ఉన్న గడువుల ప్రకారం 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాల్సి ఉండేది. ఒంటి మీద బట్టల్లేని దృశ్యాలు, మార్ఫ్ చేసిన బొమ్మలు, ఒకరిలా నటిస్తూ పెట్టిన ఖాతాల విషయంలో 24 గంటల్లో చర్య తీసుకోవాల్సి ఉండేది. ఆ తర్వాతి సవరణలతో గడువులు తగ్గుతున్నాయి కాబట్టి ఫిర్యాదు పెట్టే రోజున తాజా రూలు చూసుకోండి. ఆయన జవాబు నచ్చకపోతే, 30 రోజుల్లోపు gac.gov.in లో గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళ్లొచ్చు. 2023 నుంచి పనిచేస్తున్న ఈ కమిటీ గురించి చదువుకున్నవాళ్లకే ఎక్కువమందికి తెలీదు. మొత్తం ఆన్‌లైన్‌లోనే. అక్కడికి వెళ్లాలంటే ముందు గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పెట్టినట్టు రుజువు కావాలి. Report బటన్ నొక్కిన స్క్రీన్‌షాట్ అందుకు పనికిరాదు.

వీడియోలో ఉన్నది మైనర్ అయినా, నగ్న దృశ్యాలైనా, డబ్బు అడిగి బెదిరిస్తున్నా పైన చెప్పిన వరసంతా పక్కన పెట్టండి. సాక్ష్యం దాచుకుని అదే రోజు cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి, లేదా నగరంలోని సైబర్ క్రైమ్ స్టేషన్‌కు వెళ్లండి. మహిళలు, పిల్లల మీద నేరాలకు ఆ పోర్టల్‌లో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది. అయితే మైనర్ల నగ్న దృశ్యాలను మాత్రం కాపీ చేసి దాచకండి, ఎవరికీ పంపకండి. దగ్గర పెట్టుకోవడమే నేరం. లింకు రాసుకుంటే చాలు.

పరువు నష్టం కేసుకు కోర్టు ఒక్కటే. లాయరు ద్వారా ఇంజంక్షన్ తెచ్చుకుంటే, ఆ ఆర్డర్‌లో ప్రతి వీడియో లింకూ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. "ఆ ఛానెల్‌లోని వీడియోలు" అని రాయించుకుంటే అమలు దగ్గర మళ్లీ మొదటికొస్తుంది.

పోయింది అనుకున్నాక

పెద్ద వీడియోలో ముక్క పోయినా, అదే ముక్కతో చేసిన షార్ట్ ఒకటి అదే ఛానెల్‌లో ఉంది. దాని లింకు వేరు, కాబట్టి ఫిర్యాదు కూడా వేరు. ఇంకెవడో దాన్ని డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. అక్కడ ఇంకో ఫారం. ఒకచోట తీసేసిన వీడియో గుర్తును పట్టి కాపీలన్నీ వాటంతటవే తీసేసే పద్ధతి ఉంది గానీ, అది పిల్లల లైంగిక దోపిడీ, ఉగ్రవాదం లాంటి కొన్ని రకాలకే పరిమితం. పెద్దవాళ్ల నగ్న దృశ్యాలు ఇష్టం లేకుండా బయటికొస్తే stopncii.org అనే సైట్ అలాంటి పనే చేస్తుంది. వీడియోను మీ ఫోన్‌లోనే ఉంచి, దాని గుర్తును మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి పంపుతుంది. బీచ్ ఇంటర్వ్యూల్లాంటి మామూలు వీడియోలకు ఆ సదుపాయం లేదు. ప్రతి లింకునూ విడిగా పట్టుకోవాల్సిందే. కనీసం నెల పాటు వారానికోసారి ఆమె పేరు, కాలేజీ పేరు, వీడియో టైటిల్‌లోని మాటలు కలిపి వెతకండి.

వెతికినప్పుడు గూగుల్‌లో పాత థంబ్‌నెయిల్ ఇంకా కనబడితే కంగారు పడకండి. యూట్యూబ్‌లో మారినా గూగుల్ దగ్గర పాత కాపీ కొన్నాళ్లు ఉండిపోతుంది. Refresh Outdated Content అనే గూగుల్ పేజీలో ఆ లింకు ఇస్తే మళ్లీ చూసి మార్చుకుంటారు. దానికి సంబంధిత మనిషే కావాలన్న నియమం లేదు. ఆ పని మేనమామ చేసిపెట్టాడు.